స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వంచే లెక్క

హైదరాబాదులో హైటెక్ సిటీ ప్రాంతానికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. 1998లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన తర్వాత మాదాపూర్ చుట్టుపక్కల ఎన్నో ఎత్తయిన భవనాలు వెలిశాయి. వాటిలోకి వెళితే కంప్యూటర్ల కంటే ముందు కంటికి కనిపించేది మెరిసే తెల్లని ఉక్కు. లిఫ్టు తలుపులు, లిఫ్టు లోపలి గోడలు, క్యాంటీన్ బల్లలు, గోడ అంచులు దెబ్బతినకుండా తొడిగిన తొడుగులు, ఇవన్నీ ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో చేసినవే. ఈసారి లిఫ్టులో ఎక్కినప్పుడు ఆ రేకు మూలలను కాస్త గమనించండి. ఎక్కడా అతుకు లేదు. ఒకే రేకును మడిచినట్టుగా, చక్కగా 90 డిగ్రీల మూల తిరిగి ఉంటుంది.

కాగితం మడిచినంత తేలికగా ఆ మూల వచ్చిందనుకుంటే పొరపాటే. యంత్రంలో పెట్టి సరిగ్గా 90 డిగ్రీలకు నొక్కి వదిలితే, స్టెయిన్‌లెస్ రేకు 90 దగ్గర నిలవదు. రెండు మూడు డిగ్రీలు వెనక్కి విచ్చుకుంటుంది. అంతేకాదు, 40, 60, 40 మిల్లీమీటర్ల కొలతలు గల తొడుగు కావాలని 140 మిల్లీమీటర్ల రేకు కత్తిరిస్తే, మడిచాక కొలతలు కావలసినదానికంటే పెద్దవిగా వస్తాయి. ఇలా ఎందుకు జరుగుతుంది? దీన్ని ముందే లెక్కకట్టి సరిచేయడం ఎలా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు మీరు భౌతిక శాస్త్రంలోనూ గణితంలోనూ చదివే పాఠాల్లోనే ఉంది.

ఒక పని తీసుకుందాం

ఊరికే సూత్రాలు చెప్పుకోవడం కంటే ఒక పనిని ఎదురుగా పెట్టుకుని నడవడం మేలు. హైదరాబాదులో బాలానగర్ చాలాకాలంగా లోహపు పనులకు పేరుపొందిన పారిశ్రామిక ప్రాంతం. అచ్చులు, పనిముట్లు తయారుచేసే విద్య నేర్పే కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థను 1968లో నెలకొల్పింది అక్కడే. అటువంటి చోట ఉన్న ఒక చిన్న వర్క్‌షాపుకు హైటెక్ సిటీ భవనం నుంచి ఒక ఆర్డరు వచ్చిందనుకుందాం.

లిఫ్టుల ముందు ఉన్న అడ్డుగోడల అంచులకు తొడుగులు కావాలి. గోడ మందం 56 మి.మీ. తొడుగు అడ్డుకోత ఇంగ్లీషు 'యు' అక్షరంలా ఉండాలి. బయటి కొలతలు: ఒక రెక్క 40 మి.మీ., వీపు 60 మి.మీ., రెండో రెక్క 40 మి.మీ. పొడవు 2 మీటర్లు. రేకు మందం 1.5 మి.మీ. మొత్తం ఇరవై తొడుగులు. ఒక్కొక్కటి మూడు కిలోలకు పైనే తూగుతుంది. లెక్క తప్పితే అరవై కిలోలకు పైగా ఖరీదైన ఉక్కు పాత సామాను కింద అమ్ముకోవలసిందే. కోణం తప్పినా చిక్కే. ఒక్కొక్క రెక్క రెండున్నర డిగ్రీలు విచ్చుకుంటే దాని చివర గోడ నుంచి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎడంగా నిలుస్తుంది. ఆ సందులో తుడిచే గుడ్డ చిక్కుతుంది. పక్కనుంచి పోయే బండి తగులుతుంది. ఎవరి వేలయినా తెగవచ్చు.

రేకు లోపల ఏం జరుగుతుంది?

ఒక మందపాటి రబ్బరు తీసుకోండి. దాని పక్క భాగంపై పెన్నుతో సమాన దూరంలో నిలువు గీతలు గీయండి. ఇప్పుడు రబ్బరును వంచండి. వంపు బయటి వైపు గీతలు ఒకదానికొకటి దూరమవుతాయి. లోపలి వైపు గీతలు దగ్గరవుతాయి. అంటే బయటి పొరలు సాగాయి, లోపలి పొరలు నొక్కుకున్నాయి. మధ్యలో ఎక్కడో ఒక పొర సాగనూ లేదు, నొక్కుకోనూ లేదు. దానికి తటస్థ పొర అని పేరు. వంచినా దీని పొడవు మారదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, లెక్కలో ఇదే మనకు ఆధారం.

రేకులో కూడా ఇదే జరుగుతుంది. కాని రబ్బరుకు, ఉక్కుకు ఒక తేడా ఉంది. రబ్బరును వదిలితే పూర్తిగా యథాస్థితికి వస్తుంది. ఉక్కు కొద్దిపాటి సాగుదల వరకే అలా చేస్తుంది. స్థితిస్థాపక అవధి దాటాక అది శాశ్వతంగా రూపం మార్చుకుంటుంది. 304 అనే రకం స్టెయిన్‌లెస్ స్టీలు మన లిఫ్టుల్లో, క్యాంటీన్లలో ఎక్కువగా వాడతారు. దీనిలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఒక మీటరు పొడవున్న 304 పట్టీని లాగితే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల సాగుదల వరకు అది తిరిగి మామూలు పొడవుకు వస్తుంది. ఆ హద్దు దాటితే కొంత సాగుదల అలాగే నిలిచిపోతుంది.

'కొంత' అన్న మాటలోనే కీలకం ఉంది. హద్దు దాటిన తర్వాత కూడా, బలాన్ని వదిలినప్పుడు స్థితిస్థాపక భాగం మాత్రం వెనక్కి పోతుంది. శాశ్వత భాగం మిగులుతుంది. వంచిన రేకును యంత్రం వదలగానే బయటి పొరలు కాస్త కుదించుకోవాలని చూస్తాయి. లోపలి పొరలు కాస్త విస్తరించాలని చూస్తాయి. బయట కుదించుకోవడం, లోపల విస్తరించడం, ఈ రెండింటి ఫలితం ఒక్కటే: మూల విచ్చుకుంటుంది. దీనినే పనివాళ్ళు స్ప్రింగ్ బ్యాక్ అంటారు.

స్టెయిన్‌లెస్ ఎందుకు ఎక్కువ విచ్చుకుంటుంది?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. మామూలు మైల్డ్ స్టీలు రేకును ఇదే విధంగా వంచితే ఒక డిగ్రీ లోపే విచ్చుకుంటుంది. 304 రేకు రెండు, మూడు డిగ్రీలు విచ్చుకుంటుంది. పోనీ, రెండింటి యంగ్ గుణకాల్లో పెద్ద తేడా ఉందా అంటే అదీ లేదు. రెండూ దాదాపు సమానమే. శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలంలోనూ తేడా మరీ ఎక్కువేమీ కాదు. మరి ఈ తేడా ఎక్కడిది?

స్టెయిన్‌లెస్ స్టీలు వంగుతున్న కొద్దీ గట్టిపడుతుంది. ఇదే దాని ప్రత్యేక గుణం. 304 పట్టీని దాని పొడవులో ఐదో వంతు సాగదీసేసరికి దాన్ని ఇంకా సాగదీయడానికి కావలసిన ప్రతిబలం మొదటి విలువకు రెట్టింపు దాటిపోతుంది. మైల్డ్ స్టీలు కూడా గట్టిపడుతుంది కాని ఆ స్థాయికి చేరదు. ఇప్పుడు హుక్ నియమాన్ని గుర్తు తెచ్చుకోండి. బలం వదిలినప్పుడు వెనక్కి పోయే సాగుదల, ఆ క్షణాన లోహంలో ఉన్న ప్రతిబలాన్ని యంగ్ గుణకంతో భాగిస్తే వచ్చేంత. గుణకం మారలేదు, ప్రతిబలం పెరిగింది. కనుక వెనక్కి పోయేది కూడా పెరిగింది. అంటే విచ్చుకోవడాన్ని నిర్ణయించేది వంచకముందు రేకుకున్న బలం కాదు, వంచాక వచ్చిన బలం.

ఈ గట్టిపడటానికి ఒక చక్కని సాక్ష్యం ఉంది. 304 రకానికి మామూలుగా అయస్కాంతం అంటుకోదు. కాని లోతుగా నొక్కి చేసిన సింకు మూలల్లోనూ, పదునుగా వంచిన మూలల్లోనూ బలమైన చిన్న అయస్కాంతం పెడితే కొద్దిగా పట్టుకోవచ్చు. బాగా వికృతి చెందిన చోట ఉక్కులోని స్ఫటికాల అమరిక కొంత మారి, మార్టెన్‌సైట్ అనే గట్టి రూపం ఏర్పడుతుంది. దానికి అయస్కాంత గుణం ఉంది. మీ ఇంట్లో అయస్కాంతం అంటని స్టీలు సింకు ఉంటే పరీక్షించి చూడండి.

విచ్చుకోవడాన్ని పెంచేది ఇంకొకటి ఉంది: వంపు వ్యాసార్థం. రేకు బయటి పొర ఎంత సాగుతుందో తేలిగ్గా లెక్కకట్టవచ్చు. మందాన్ని, రెండు లోపలి వ్యాసార్థాలు ఒక మందం కలిపిన మొత్తంతో భాగించాలి. మన 1.5 మి.మీ. రేకును అర మీటరు వ్యాసార్థం గల పెద్ద డ్రమ్ము చుట్టూ వంచారనుకోండి. 1.5 ని 1001.5 తో భాగిస్తే 0.15 శాతం వస్తుంది. ఇది స్థితిస్థాపక అవధి దగ్గరే ఉంది. కనుక వదిలితే రేకు దాదాపు పూర్తిగా చదునైపోతుంది. అదే రేకును 2.5 మి.మీ. వ్యాసార్థానికి వంచితే సాగుదల 1.5 ని 6.5 తో భాగించగా వచ్చే 23 శాతం. ఇందులో వెనక్కి పోయేది చాలా చిన్న భాగం. అందుచేత వంపు ఎంత విశాలమైతే అంత ఎక్కువగా విచ్చుకుంటుంది. ఎంత బిగుతైతే అంత తక్కువ.

పంచ్ వ్యాసార్థం ఎంచుకోవడం

అలాగైతే వీలైనంత పదునైన పంచ్ పెట్టి వంచేస్తే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు తెలియాలంటే యంత్రం పనిచేసే తీరు చూడాలి.

రేకు వంచే యంత్రాన్ని ప్రెస్ బ్రేక్ అంటారు. కింద 'వి' ఆకారపు గాడి ఉన్న డై, పైన దానిలోకి దిగే పంచ్ ఉంటాయి. రేకును డై మీద పరచి పంచ్‌ను దించుతారు. రేకు గాడి అడుగును తాకదు. పంచ్ మొన దగ్గర ఒక చోట, గాడి రెండు అంచుల దగ్గర రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది. మధ్యలో గాలిలోనే వంగుతుంది. అందుకే ఈ పద్ధతికి ఎయిర్ బెండింగ్ అని పేరు.

ఇలా మూడు చోట్ల ఆనిన రేకు తనకు తానే ఒక వంపు తీసుకుంటుంది. ఆ వంపు వ్యాసార్థాన్ని ముఖ్యంగా నిర్ణయించేది పంచ్ కాదు, గాడి వెడల్పు. స్టెయిన్‌లెస్ రేకులో లోపలి వ్యాసార్థం గాడి వెడల్పులో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువగా వస్తుంది. మైల్డ్ స్టీలులో ఆరో వంతు దగ్గర వస్తుంది. గాడి వెడల్పును మామూలుగా రేకు మందానికి ఎనిమిది రెట్లు తీసుకుంటారు. మన 1.5 మి.మీ. రేకుకు 12 మి.మీ. గాడి. అందులో వచ్చే సహజ వ్యాసార్థం సుమారు 2.5 మి.మీ.

ఇప్పుడు పంచ్ సంగతి. సహజ వ్యాసార్థం కంటే పెద్ద మొన గల పంచ్ వాడితే రేకు దాని చుట్టూ చుట్టుకుని ఆ పెద్ద వ్యాసార్థాన్నే తీసుకుంటుంది. ఉదాహరణకు 6 మి.మీ. మొన గల పంచ్‌ను, దానికి తగిన వెడల్పు డైతో వాడితే లోపలి వ్యాసార్థం 6 మి.మీ. అవుతుంది. విచ్చుకోవడం రెట్టింపుకు దగ్గరవుతుంది. ముక్క ముక్కకూ కోణం మారడం కూడా ఎక్కువవుతుంది.

మరీ పదునైన పంచ్ వాడితే? 0.5 మి.మీ. మొన అనుకుందాం. అది రేకును వంచడానికి బదులు లోపలి వైపు గాడి పెట్టినట్టు గుచ్చుకుంటుంది. రేకు నిజంగా ఆ వ్యాసార్థానికే మడతపడితే బయటి పొర 1.5 ని 2.5 తో భాగించగా 60 శాతం సాగాలి. 304 పట్టీని సాగదీసే పరీక్షలో తెగేలోగా కనీసం 40 శాతం సాగాలని ప్రమాణం. కనుక 60 అంటే ప్రమాద హద్దుకు పోయినట్టే. మొన వ్యాసార్థం రేకు మందంలో సుమారు మూడింట రెండు వంతుల కంటే తగ్గితే ఇటువంటి గుచ్చుడు మొదలవుతుందని పనివాళ్ళు లెక్కగా పెట్టుకుంటారు. మన రేకుకు అది 1 మి.మీ.

కాబట్టి మన పంచ్ 1 మి.మీ. కంటే మొద్దుగా, 2.5 మి.మీ. మించకుండా ఉండాలి. సహజ వ్యాసార్థానికి దగ్గరగా, దాన్ని మించని 2 మి.మీ. పంచ్ తీసుకుందాం. మూలకు లోపలి వైపు సన్నని లోతు గీత కనిపిస్తే పంచ్ పదునెక్కువని తెలుసుకోవాలి. బయటి వైపు నారింజ తొక్కలా గరుకుగా మారితేనో, వెంట్రుకల్లాంటి చీలికలు కనిపిస్తేనో వంపు మరీ బిగుతైందని గుర్తు. చీలికలకు మరో కారణం కూడా ఉంది. రేకును కర్మాగారంలో రోలర్ల మధ్య సాగదీసిన దిక్కు ఒకటి ఉంటుంది. మడత గీత ఆ దిక్కుకు సమాంతరంగా ఉంటే చీలే అవకాశం ఎక్కువ. అడ్డంగా ఉంటే తక్కువ.

రేకు ఎంత పొడవు కత్తిరించాలి?

ఇక కొలతల లెక్క. తటస్థ పొర పొడవు మారదని చెప్పుకున్నాం. కనుక వంచకముందు రేకు వెడల్పు, వంచిన తర్వాత తటస్థ పొర మొత్తం పొడవుకు సమానం. తిన్నగా ఉన్న భాగాలను స్కేలుతో కొలిచినట్టే కూడుకోవచ్చు. వంపు దగ్గర మాత్రం తటస్థ పొర ఒక వృత్త ఖండం. దాని చాపం పొడవునే బెండ్ అలవెన్స్ అంటారు.

చాపం పొడవు కట్టాలంటే వ్యాసార్థం కావాలి. తటస్థ పొర రేకు మధ్యలో సరిగ్గా ఉంటుందా? వంపు విశాలమైతే దాదాపు మధ్యలోనే ఉంటుంది. బిగుతైన వంపులో అది లోపలి వైపుకు జరుగుతుంది. లోపలి ముఖం నుంచి అది ఎంత దూరంలో ఉందో మందంలో భాగంగా చెప్పే సంఖ్యను కె గుణకం అంటారు. మన రేకుకు, మన వంపుకు 0.44 అని తీసుకోవచ్చు. సూత్రం ఇది:

బెండ్ అలవెన్స్ = (π ÷ 180) × వంచిన కోణం × (లోపలి వ్యాసార్థం + కె × మందం)

వంచిన కోణం 90 డిగ్రీలు. లోపలి వ్యాసార్థం 2.5. కె ను మందంతో హెచ్చవేస్తే 0.44 × 1.5 = 0.66. రెండూ కలిపితే 3.16. దీన్ని 1.5708 తో హెచ్చవేస్తే 4.96 మి.మీ. ఒక్కొక్క మూల తీసుకునే రేకు ఇంత.

ఇప్పుడు తిన్నని భాగాలు. బయటి కొలతలో ప్రతి మూలకూ వ్యాసార్థం, మందం కలిపి 4 మి.మీ. వంపులోకి పోతుంది. 40 మి.మీ. రెక్కకు ఒక పక్కనే మూల ఉంది కనుక తిన్నని భాగం 36. వీపుకు రెండు పక్కలా మూలలు ఉన్నాయి కనుక 60 లోంచి 8 పోగా 52. మొత్తం 36 + 52 + 36 = 124. దీనికి రెండు మూలల 9.92 కలిపితే 133.92 మి.మీ. ఇదీ మనం కత్తిరించవలసిన వెడల్పు. బయటి కొలతలు కూడి 140 కత్తిరించి ఉంటే ఆరు మిల్లీమీటర్లకు పైగా రేకు ఎక్కువయ్యేది.

కొందరు పాత మేస్త్రీలు కాగితం పెన్సిలు లేకుండానే దీన్ని చెప్పేస్తారు. లోపలి కొలతలు కూడండి, చాలు అంటారు. చూద్దాం. లోపలి కొలతలు 38.5, 57, 38.5. కూడితే 134. మన లెక్కకు ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా తేడా లేదు! మేస్త్రి మాట నిజమే. కాని అది ఎందుకు నిజమైందో తెలియాలి. వంపు వ్యాసార్థం, మందం ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే అది కుదురుతుంది. అదే తొడుగును 6 మి.మీ. వ్యాసార్థంతో చేయమన్నారనుకోండి. కె 0.45 తీసుకుంటే చాపం 10.5 మి.మీ. దగ్గర వస్తుంది. ఒక్కొక్క మూల దగ్గర బయటి కొలతల మొత్తం నుంచి సుమారు 4.5 మి.మీ. తీసివేయాలి. మేస్త్రి లెక్క 3 మాత్రమే తీసివేస్తుంది. రెండు మూలలకు కలిపి 3 మి.మీ. తప్పు. అనుభవం చెప్పిన సూత్రానికి కూడా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు ఎక్కడుందో చెప్పేది చాపం లెక్క.

నమూనా ముక్కతో సరిచూడటం

కె గుణకం, విచ్చుకునే కోణం పుస్తకంలో చూసి తెచ్చుకున్నవి. మన చేతిలోని రేకు వాటిని అక్షరాలా పాటించాలని లేదు. ఒకే 304 పేరుతో వచ్చే రెండు రేకుల గట్టిదనంలో తేడా ఉండవచ్చు. అందుకని తెలివైన పనివాడు ఇరవై తొడుగులకు రేకు కత్తిరించే ముందు అదే రేకు నుంచి, అదే దిక్కులో, సరిగ్గా 100 మి.మీ. వెడల్పు గల రెండు మూడు చిన్న ముక్కలు కత్తిరిస్తాడు. వాటిని అదే పంచ్, అదే డైతో ఒకసారి 'ఎల్' ఆకారంలో వంచుతాడు.

మొదట కోణం చూడాలి. యంత్రం నొక్కి ఉంచినప్పుడు రెక్కల మధ్య కోణం 88 డిగ్రీలు, వదిలాక 90.5 డిగ్రీలు వచ్చిందనుకోండి. విచ్చుకున్నది 2.5 డిగ్రీలు. కనుక 87.5 వరకు నొక్కితే వదిలాక 90 దగ్గర నిలుస్తుంది. దీనికి డై గాడి కోణం 87.5 కంటే తక్కువగా ఉండాలి. 90 డిగ్రీల గాడిలో 87.5 వరకు వంచడం సాధ్యం కాదు కదా! అందుకే స్టెయిన్‌లెస్ రేకుకు 85 డిగ్రీల వంటి ఇరుకు గాడి గల డై వాడతారు. పంచ్ కూడా అందుకు తగినట్టు సన్నగా ఉండాలి.

తర్వాత కొలత చూడాలి. వంచిన ముక్క రెండు రెక్కల బయటి కొలతలు 51.5, 51.6 వచ్చాయనుకోండి. మొత్తం 103.1. మనం కత్తిరించింది 100. అంటే ఒక మూలకు తీసివేయవలసింది 3.1. మన లెక్క ప్రకారం అది 140 నుంచి 133.92 తీసివేసి రెండుతో భాగిస్తే 3.04. నమూనా చెప్పిన విలువనే నమ్మి 140 నుంచి 6.2 తీసివేస్తే 133.8 మి.మీ. ఇప్పుడు ఇరవై ముక్కలూ నిశ్చింతగా కత్తిరించవచ్చు.

ఇంత చేసినా ముక్క ముక్కకూ కోణం కాస్త మారుతుంటే? పదో తరగతి త్రికోణమితి దీనికి కారణం చెబుతుంది. 12 మి.మీ. గాడిలో సగం 6. రెక్కల మధ్య కోణం 90 అయితే అందులో సగం 45. పంచ్ దిగవలసిన లోతు సుమారుగా 6 ని టాన్ 45 తో భాగిస్తే 6 మి.మీ. కోణం 89 కావాలంటే 6 ని టాన్ 44.5 తో భాగించాలి. 6.1 మి.మీ. వస్తుంది. అంటే లోతులో ఒక మిల్లీమీటరులో పదో వంతు తేడా వస్తే కోణంలో ఒక డిగ్రీ తేడా! రేకు మందం ఒకచోట ఆ మాత్రం తగ్గినా మూల తెరుచుకుంటుంది. కనుక రేకు మందాన్ని మైక్రోమీటరుతో కొలిచి చూసుకోవాలి.

రెండు మీటర్ల పొడవైన తొడుగుకు ఇంకొక పరీక్ష ఉంది. కోణాన్ని రెండు చివరలా, నడిమధ్యా కూడా చూడాలి. స్టెయిన్‌లెస్ రేకుకు అదే మందం గల మైల్డ్ స్టీలు కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బలం కావాలి. ఆ బలానికి యంత్రం దూలాలే నడుమ కొద్దిగా వంగుతాయి. పంచ్ అక్కడ కాస్త తక్కువ లోతుకు దిగుతుంది. చివరలు 90 ఉండి నడుమ 91 ఉంటే లోపం రేకుది కాదు, యంత్రం వంగిందని అర్థం. అప్పుడు డై కింద నడిమి భాగంలో పలుచని ఎత్తు పెట్టి సరిచేస్తారు.

కోణం ఎక్కువైపోతే వెనక్కి తెరిచి, మళ్ళీ వంచి సరిచేద్దామని చూడకూడదు. ప్రతి వంపుకూ స్టెయిన్‌లెస్ మరింత గట్టిపడుతుంది. రెండు మూడు సార్లు అటూ ఇటూ వంచితే మూల చీలుతుంది. అందుకే కొద్దిగా తక్కువ నొక్కి, కోణం కొలిచి, మళ్ళీ కాస్త నొక్కడమే సరైన పద్ధతి.

మీరే చేసి చూడండి

ఒకే మందం గల రాగి తీగ, స్టెయిన్‌లెస్ స్టీలు తీగ సంపాదించండి. రెండింటినీ పెన్సిలు చుట్టూ ఒక చుట్టు గట్టిగా చుట్టి వదలండి. చుట్టుల వ్యాసాలను స్కేలుతో కొలవండి. తర్వాత అవే తీగలను లావుపాటి సీసా చుట్టూ చుట్టి వదలండి. ఏది ఎక్కువ విచ్చుకుంది? ఏ చుట్టులో ఎక్కువ విచ్చుకుంది? ఫలితాలను పట్టిక వేసి, పై పాఠంతో పోల్చండి. తీగ చివర కంటికి తగలకుండా జాగ్రత్తపడండి.

ఇక ఒక లెక్క. 1 మి.మీ. మందం గల 304 రేకుతో బయటి కొలతలు 30, 50 మి.మీ. ఉన్న 'ఎల్' ఆకారపు పట్టీ కావాలి. గాడి వెడల్పు 8 మి.మీ., లోపలి వ్యాసార్థం 1.7 మి.మీ., కె 0.44. రేకు ఎంత వెడల్పు కత్తిరించాలి? అదే పట్టీని 4 మి.మీ. వ్యాసార్థంతో, కె 0.45 తో చేస్తే ఎంత? మొదటిదానికి 78 మి.మీ., రెండోదానికి 77 మి.మీ. దగ్గర రావాలి. లోపలి కొలతలు కూడే మేస్త్రి సూత్రం ఈ రెండింటిలో దేనికి కుదిరిందో, దేనికి కుదరలేదో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.